సెమీకండక్టర్ లెక్కల్లో జవాబు ఎక్కడ తప్పుతుంది: ఒక డిప్లీషన్ వెడల్పు లెక్క

"మాది రాయగడ. ఈసీఈ ఫైనలియర్, గేట్‌కి చదువుతున్నాను. సెమీకండక్టర్ లెక్కల్లో ఫార్ములా తెలిసినా జవాబు తప్పుతోంది. యూనిట్లు కలగాపులగం అవుతున్నాయి. kT/q 25 తీసుకోవాలో 26 తీసుకోవాలో, ఏది ఎప్పుడు వదిలేయొచ్చో తెలియడం లేదు. మీరెలా చేసేవారు అన్నా?"

తమ్ముడూ, మాది పర్లాకిమిడి. బరంపురంలో గది తీసుకుని గేట్‌కి చదివేటప్పుడు ఒక మాక్ టెస్ట్‌లో పీ-ఎన్ జంక్షన్ డిప్లీషన్ వెడల్పు అడిగారు. నాకు 9.55 మైక్రోమీటర్లు వచ్చింది. సరైన జవాబు 0.95. ఫార్ములా సరిగ్గానే రాశాను, కాలిక్యులేటర్ రెండుసార్లు నొక్కాను. రెండుసార్లూ అదే అంకె రావడంతో ఇంక అనుమానమే రాలేదు. నువ్వు అడిగిన మూడు సంగతులూ ఆ ఒక్క లెక్కలోనే ఉన్నాయి కాబట్టి దాన్నే మొదటి నుంచి చెబుతాను.

సిలికాన్ జంక్షన్, 300 K, బయాస్ లేదు. ఇచ్చినవి ఇవి:

```
NA = 10^17 cm^-3     ND = 10^15 cm^-3
ni = 1.5×10^10 cm^-3     kT/q = 0.026 V
εr = 11.7     q = 1.6×10^-19 C
```

నేను చేసిన తప్పుకి మూలం ప్లస్ టూలో ఉంది. అక్కడి ఫిజిక్స్ పుస్తకంలో అన్నీ ఘనమీటరుకి చెబుతారు, సిలికాన్ ni విలువ 1.5×10^16 అని ఉంటుంది. బీటెక్‌కి వచ్చాక అదే విలువ ఘన సెంటీమీటరుకి 1.5×10^10 అయింది. సాంద్రతల వరకు నేను కొత్త పద్ధతికి అలవాటు పడ్డాను కానీ ε0 మాత్రం పాతదే, మీటరుకి 8.85×10^-12 ఫారడ్లు అనే గుర్తుండిపోయింది. రెండూ ఒకే ఫార్ములాలో పడ్డాయి. ε విలువ వంద రెట్లు పెరిగింది. అది వర్గమూలం లోపల ఉంది కాబట్టి జవాబు పది రెట్లే పెరిగింది. ఈ తప్పు దొరకకపోవడానికి కారణం అదే. లక్ష రెట్లు తేడా వస్తే ఎవరికైనా కనబడుతుంది. 9.55 మైక్రోమీటర్లు చూస్తే మాత్రం ఉండొచ్చులే అనిపిస్తుంది.

అప్పటి నుంచి రఫ్ పేపర్ మీద మొదటి లైన్‌లో "అంతా సెం.మీ.లో" అని రాసి, దాని పక్కనే ε0 = 8.85×10^-14 F/cm అని వేసుకునేవాణ్ణి. మైక్రోమీటర్లలోకి మార్చడం ఆఖరి లైన్‌లోనే, 10^4 తో గుణించి. అంతా మీటర్లలో చేసినా తప్పేం లేదు, అప్పుడు సాంద్రతలన్నిటినీ 10^6 తో గుణించాలి. కలపడం ఒక్కటే కూడదు.

ఇప్పుడు లెక్క. ముందు బిల్ట్-ఇన్ పొటెన్షియల్:

```
Vbi = (kT/q) ln(NA·ND/ni²)
    = 0.026 × ln(4.44×10^11)
    = 0.026 × 26.82 = 0.697 V
```

గేట్ తెర మీది కాలిక్యులేటర్‌లో ln, log రెండూ ఉంటాయి. తొందరలో log నొక్కితే 0.303 V వస్తుంది. మామూలు డోపింగ్ ఉన్న సిలికాన్‌కి గది ఉష్ణోగ్రత దగ్గర ఈ విలువ దాదాపు 0.6 నుంచి 0.9 V మధ్య ఉంటుంది, కాబట్టి 0.3 కనబడగానే ఆగాలి. నోటి లెక్కతో సరిచూసుకునే దారి కూడా ఉంది. 0.026 ని 2.303 తో గుణిస్తే దాదాపు 0.06. అంటే లోపలి సంఖ్య ప్రతి పది రెట్లకీ 0.06 V పెరుగుతుంది. ఇక్కడ పదికి ఘాతం సుమారు 11.65, దాన్ని 0.06 తో గుణిస్తే 0.70. సరిపోయింది.

తర్వాత వెడల్పు:

```
W² = (2ε·Vbi/q)(1/NA + 1/ND)
   = 9.026×10^6 × 1.01×10^-15
W  = 9.548×10^-5 cm = 0.9548 µm
```

ఇక్కడ ఒక్కసారి యూనిట్లు చూడు. ε కి F/cm, అంటే కూలుంబ్/(వోల్ట్·సెం.మీ.). వోల్ట్‌తో గుణించి కూలుంబ్‌తో భాగిస్తే 1/సెం.మీ. మిగులుతుంది. దాన్ని ఘన సెం.మీ.తో గుణిస్తే చదరపు సెం.మీ., వర్గమూలం తీస్తే సెం.మీ. ఈ పరీక్షకి పావు నిమిషం చాలు. నేను ఆ రోజు ఇది చేసి ఉంటే మీటరు, సెంటీమీటరు కొట్టుకోకుండా మిగిలిపోయేవి, తప్పు అక్కడే దొరికేది.

ఒక గుర్తు కూడా మనసులో పెట్టుకో. బయాస్ లేనప్పుడు, తక్కువ డోపింగ్ ఉన్న వైపు 10^15 అయితే వెడల్పు దాదాపు ఒక మైక్రోమీటరు. అక్కడ డోపింగ్ వంద రెట్లు పెరిగితే వెడల్పు సుమారు పదోవంతు అవుతుంది. నా 9.55 ఈ గుర్తు దగ్గర కూడా నిలబడదు.

ఇక దేన్ని వదిలేయొచ్చు? పై లెక్కలో 1/NA ని పూర్తిగా వదిలేస్తే 0.950 వస్తుంది. అరశాతం తేడా, రెండు దశాంశాలకి రెండూ 0.95 యే. ఎందుకంటే NA వంద రెట్లు పెద్దది. అదే ND 10^16 అయి, NA పది రెట్లే పెద్దదైతే? పూర్తి ఫార్ములాతో 0.328, వదిలేస్తే 0.313. రెండు దశాంశాలకి 0.33, 0.31. అంకె టైప్ చేసే ప్రశ్నలో జవాబుకి ఒక పరిధి ఇస్తారు, ఇంత తేడా అందులో పట్టకపోవచ్చు. అందుకే వంద రెట్లుంటే వదిలేసేవాణ్ణి, పది రెట్లుంటే పూర్తి ఫార్ములా వేసేవాణ్ణి.

25 మిల్లీవోల్టులా 26 ఆ అన్నదానికి మొదటి జవాబు: ప్రశ్నలో ఇచ్చింది ఏదైతే అదే. నీకు తెలిసిన విలువ ఇంకా కచ్చితమైనదైనా సరే, పక్కన పెట్టు. ఇవ్వకపోతే 300 K కి 25.9 దగ్గర ఉంటుంది, 26 వాడొచ్చు. కానీ ఆ స్థిరాంకం ఫార్ములాలో ఎక్కడ కూర్చుందో చూడాలి. మన లెక్కలో 25 వాడితే Vbi 0.67 అవుతుంది, నాలుగు శాతం తేడా. వర్గమూలం దాటేసరికి వెడల్పులో అది రెండు శాతమే. అదే డయోడ్ కరెంట్ లెక్కలో exp(V/VT) ఉంటుంది, VT అంటే ఈ kT/q యే. V = 0.7 V కి VT 25 వేస్తే వచ్చే కరెంట్, 26 వేస్తే వచ్చేదానికి దాదాపు మూడు రెట్లు! ఘాతంలో కూర్చున్న విలువని సౌకర్యం కోసం సవరించకూడదు, మధ్యలో రౌండ్ చేయకూడదు.

చివరిగా, n = ND అనే అలవాటు గురించి. సిలికాన్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర అది దాదాపు ఎప్పుడూ నడుస్తుంది కాబట్టి జెర్మేనియం వచ్చినా చేయి అలాగే రాసేస్తుంది. జెర్మేనియం ni విలువ 2.4×10^13. డోపింగ్ 10^14 అంటే దానికి నాలుగు రెట్లే. అప్పుడు ఇలా చేయాలి:

```
n = ND/2 + √((ND/2)² + ni²)
  = 1.055×10^14 cm^-3
```

అయిదు శాతానికి పైగా తేడా. డోపింగ్ ni కి పది రెట్లుంటే తేడా ఒక శాతమే, అక్కడి నుంచి పైకి n = ND ధైర్యంగా రాయి. సిలికాన్ అయినా ప్రశ్నలో ఉష్ణోగ్రత బాగా పెంచి కొత్త ni ఇస్తే, ముందు ఈ పోలిక చేసుకున్నాకే మిగతా లెక్క మొదలుపెట్టు.