సింగపూర్ నుంచి మొదటి క్రూజ్: పోర్టులో ఎన్ని గంటలు చేతికొస్తాయి?

ప్రశ్న: వేసవి సెలవుల్లో సింగపూర్ నుంచి క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఇదే మొదటిసారి. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఒక్కో పోర్టులో ఎనిమిది తొమ్మిది గంటలే ఆపుతున్నారు. చూడ్డానికి సరిపోతుందా?

జవాబు: గంటల సంగతి తర్వాత అండీ, ముందు ఓడ ఆగే చోటికీ ఊరికీ ఎంత దూరమో చూడండి. మేం మా అత్తగారితో ఇదే రూట్లో, అంటే కౌలాలంపూర్, పెనాంగ్, ఫుకెట్ మీదుగా వెళ్లాం. ఒక్కో పోర్టు ఒక్కో రకం.

బ్రోషర్‌లో 'కౌలాలంపూర్' అని ఉన్నా ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో. అక్కడి నుంచి సిటీకి కారులో గంటా పావు వేసుకోండి. పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా అని ఉందనుకుందాం. క్యూలు దాటి కారెక్కేసరికి 9 అవుతుంది. కొండ గుహల్లో సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉన్న బాతు కేవ్స్ చేరేసరికి పదింపావు. ఓడ 5కి కదిలినా అందరూ ఎక్కాల్సిన టైమ్ అంతకంటే ముందే ఉంటుంది, మనం 4 అనుకుందాం. ట్రాఫిక్ భయానికి ఇంకో గంట తీసేస్తే 3కల్లా పోర్టులో ఉండాలి, అంటే సిటీలో ఒంటిగంట ముప్పావుకే బయల్దేరాలి. తొమ్మిది గంటల్లో మిగిలింది మూడున్నర. అందులో గుహల దగ్గర గంటన్నర, పెట్రోనాస్ టవర్స్‌కి వెళ్లడానికి నలభై నిమిషాలు పోతే, అక్కడ ఫొటోలకీ భోజనానికీ కలిపి గంటా ఇరవై నిమిషాలు. బాతు కేవ్స్‌కి 272 మెట్లు, పెద్దవాళ్లతో అదొక్కటే చాలు.

పెనాంగ్ దీనికి పూర్తిగా ఉల్టా. ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌లో, అక్కడి ఊరు జార్జ్‌టౌన్‌ని ఆనుకునే ఆగుతుంది. దిగి నడిస్తే లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో మారియమ్మన్ గుడి. కాళ్లు నొప్పి పుడితే ఓడకొచ్చి, కాసేపు పడుకుని మళ్లీ వెళ్లొచ్చు. మా అత్తగారు అలాగే చేశారు. ఆరు గంటలు ఆపినా నాకైతే క్లాంగ్‌లో తొమ్మిదికంటే అవే ఎక్కువ.

ఫుకెట్‌లో పెద్ద ఓడలు పటాంగ్ బీచ్ దగ్గర సముద్రంలోనే లంగరేసి చిన్న బోట్లలో ఒడ్డుకి దించుతుంటాయి. వెళ్లేటప్పుడు వరస, వచ్చేటప్పుడు వరస. మీకు లెక్క ఓడ కదిలే టైమ్ కాదు, చివరి బోటు టైమ్. పైగా థాయ్‌లాండ్ సింగపూర్ కంటే గంట వెనక. ఫోన్ తనంతట తానే స్థానిక టైమ్‌కి మారిపోతుంది, ఓడ మాత్రం సింగపూర్ టైమే పాటించవచ్చు. ఓడలో ఏ టైమ్ నడుస్తోందో దిగేముందే కనుక్కుని, చేతికి మామూలు వాచీ పెట్టుకోండి.

ఓడవాళ్లే నడిపే టూర్ ఖరీదెక్కువే కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంత టాక్సీ కోసం ఆగదు, తర్వాతి పోర్టుకి మన ఖర్చుతో మనమే చేరాలి. అందుకే క్లాంగ్‌లో వాళ్ల టూర్ తీసుకోండి, పెనాంగ్‌లో అవసరమే లేదు. రెండు ప్యాకేజీల మధ్య ఊగుతుంటే పెనాంగ్ ఉన్నది, అందులోనూ సాయంత్రం దాకా ఆపేది తీసుకోండి. మధ్యాహ్నం ఎండలో జార్జ్‌టౌన్ నడక పెద్దవాళ్లకి కష్టం.