లక్క బొమ్మలకు ఫోన్‌తోనే ఫొటోలు: కిటికీ, చార్ట్ పేపర్, ఒకే ఫ్రేమ్

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు, కుంకుమ భరిణలు ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముతున్నాను. నా దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంది. వెనక తెల్ల చార్ట్ పెట్టినా బూడిద రంగులో పడుతోంది, బొమ్మ మీద కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి, పక్కపక్కన పెడితే ఒక్కో ఫొటో ఒక్కోలా ఉంది. లైట్ బాక్స్ కొంటే సరిపోతుందా?

జవాబు:

లైట్ బాక్స్ కొనకండి. నేనూ ఈ లక్క సామానే అమ్ముతాను. ఒకరి దగ్గర అరువు తెచ్చి వాడి చూశాను. చవక పెట్టెల్లో పైన ఎల్ఈడీ పట్టీలు ఉంటాయి కదా, ఆ చుక్కలన్నీ వరసగా భరిణ మూత మీద మెరుస్తాయి. బట్టలకో పుస్తకాలకో అది పనికొస్తుందేమో గానీ లక్కకు పనికిరాదు. లక్క పూత గుండ్రటి అద్దం లాంటిది. దాని ముందు ఏముంటే అదే బొమ్మ మీద కనబడుతుంది. మీకు ఊచలు పడుతున్నది కూడా అందుకే. కాబట్టి ముందు కిటికీ సంగతి చూడాలి, ఫోన్ సెట్టింగుల సంగతి తర్వాత.

ఎండ నేరుగా పడని కిటికీ చూసుకోండి. ఉత్తరం వైపుదైతే ఏడాదిలో ఎక్కువ భాగం ఇబ్బంది ఉండదు. తూర్పు వైపు కిటికీయే ఉంటే ఎండ దాని మీంచి జరిగాక మొదలుపెట్టండి. ఊచలు మొత్తం కప్పేలా పలచటి తెల్ల పంచె ఒకటి, ముడతలు లేకుండా లాగి కట్టండి. అప్పుడు బొమ్మకు ఊచలు కనపడవు, ఒక పెద్ద తెల్లటి వెలుగు మాత్రమే కనిపిస్తుంది. భరిణ పక్కన గళ్లుగళ్లుగా పడే మెరుపు నిలువుగా మెత్తటి గీతలా మారిపోతుంది. ఆ గీత ఉండాలి. అది లేకపోతే లక్క నునుపు తెలియదు, ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది.

బల్లను కిటికీకి పక్కగా, రెండు మూడు అడుగుల దూరంలో వేయండి. వెలుగు బొమ్మకు ఒక పక్క నుంచి రావాలి. రెండో పక్క చీకటిగా ఉంటుంది కాబట్టి అక్కడ థర్మాకోల్ షీటు నిలబెట్టండి. షీటును దగ్గరకు జరిపేకొద్దీ నీడ పలచబడుతుంది. మరీ దగ్గరకు తెస్తే నీడ పూర్తిగా పోయి గుండ్రటి బొమ్మ బల్లపరుపుగా కనిపిస్తుంది. జానెడు దూరంతో మొదలుపెట్టి, ఫోన్ తెర చూస్తూ జరుపుకోండి. గదిలో ట్యూబ్‌లైటు, బల్బు అన్నీ ఆపేయండి. పగటి వెలుగు, బల్బు వెలుగు కలిస్తే బొమ్మ ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా వస్తుంది. తర్వాత ఏ యాప్‌లో దిద్దినా రెండూ ఒకేసారి సరికావు. మీరు వేసుకున్న చొక్కా కూడా లక్కలో పడుతుంది. ఎర్ర చొక్కాతో ఫొటో తీస్తే పసుపు భరిణ మీద ఎర్రటి మచ్చ ఎక్కడిదో అర్థం కాక తల బద్దలు కొట్టుకోవాలి!

ఇక చార్ట్ పేపర్. మెరుపు లేని రకం కొనండి. పైఅంచును గోడకు అంటించి, కింది భాగాన్ని బల్ల మీదికి వంపుగా జారనివ్వండి. మడత పెట్టకూడదు. మడత పెడితే అక్కడ గీత పడుతుంది. బొమ్మ గోడకు ఆనుకోకుండా కనీసం అడుగు ముందుంటే దాని నీడ వెనక చార్ట్ మీద పడదు.

తెల్ల చార్ట్ బూడిదగా పడటం మీ ఫోన్ లోపం కాదు. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం తెలుపే ఉంటే, వెలుగు మరీ ఎక్కువైందనుకుని కెమెరా మొత్తం ఫొటోను ముదురు చేస్తుంది. తెర మీద బొమ్మను తాకి అలాగే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు రెండూ తాళం పడతాయి. పక్కనే సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొద్దిగా పైకి జరిపితే చార్ట్ తెల్లబడుతుంది.

అయితే ఎర్ర లక్క దగ్గర ఒక చిక్కుంది. చార్ట్ బాగా తెల్లబడేదాకా వెలుగు పెంచితే ఎరుపు పొంగిపోతుంది. మూత మీద చెక్కిన సన్నటి వలయాలు మాయమై ఒకే ఎర్ర ముద్ద మిగులుతుంది. ఫొటోను పెద్దది చేసి చూసి, ఆ వలయాలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనిపించకపోతే వెలుగు తగ్గించండి. చార్ట్ కాస్త బూడిదగా ఉన్నా ఫరవాలేదు. తర్వాత స్నాప్‌సీడ్ యాప్‌లో Selective తీసుకుని చార్ట్ మీద చుక్క పెట్టి Brightness పెంచితే వెనక భాగం మాత్రమే తెల్లబడుతుంది. అమెజాన్‌లో మొదటి ఫొటోకు వెనక అచ్చ తెలుపే కావాలి, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి. అందుకే ఈ తిప్పలు. మీ సొంత పేజీకైతే లేత బూడిద రంగు చార్టే నాకు ఇష్టం, లక్క రంగులు దాని మీద ఇంకా నిండుగా కనబడతాయి.

ఒక్కో ఫొటో ఒక్కో రంగులో రావడానికి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనబడేలా ఫోన్ తనంతట తానే రంగులు సర్దుకోవడం. ఎర్ర భరిణ తీసి పసుపు భరిణ పెట్టగానే ఫోన్ మళ్లీ లెక్క వేసుకుంటుంది. మీ ఫోన్‌లో Pro మోడ్ ఉంటే WB ని 5500 దగ్గర పెట్టి, చార్ట్ నీలంగా అనిపిస్తే అంకె పెంచండి, పసుపుగా అనిపిస్తే తగ్గించండి. కుదిరాక ఆ పూట ముట్టుకోవద్దు. మబ్బు పడితే మాత్రం మళ్లీ చూసుకోవాలి. పాత సరుకు, కొత్త సరుకు వేర్వేరు రోజుల్లో తీయాల్సి వస్తే ప్రతిసారీ ఒకే భరిణను ముందుగా తీసి పాత ఫొటోతో పోల్చండి.

ఫ్రేమ్ విషయంలో అందరూ ఫోన్‌ను బొమ్మ దగ్గరికి తీసుకెళ్తారు. అలా చేస్తే భరిణ ముందు భాగం ఉబ్బి, అడుగు సన్నబడుతుంది. కొన్ని ఫోన్లు అంత దగ్గరలో వాటంతటవే వెడల్పు లెన్స్‌కు మారిపోతాయి, వంకర ఇంకా పెరుగుతుంది. ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి మూడడుగులు వెనక్కి పెట్టండి. 2x కు విడిగా లెన్స్ ఉంటే అది వాడండి. లేకపోతే 1x లోనే తీసి తర్వాత చతురస్రంగా కత్తిరించుకోండి. దూరంగా ఉంటే లక్కలో మీ ప్రతిబింబం కూడా చిన్నదైపోతుంది. లెన్స్ ఎత్తు భరిణ నడుముకు కాస్త పైన ఉంటే మూత, పక్క రెండూ కనిపిస్తాయి. స్టాండ్ కాళ్ల దగ్గర నేల మీద టేపు ముక్కలు, బొమ్మ నిలబెట్టే చోట చార్ట్ మీద సన్నటి పెన్సిల్ చుక్క పెట్టుకోండి. గ్రిడ్ గీతలు ఆన్ చేసి, అడుగు భాగం ఎప్పుడూ ఒకే గీత మీద ఉండేలా చూడండి. మూడు సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలి కదలదు.

ఇలా తీసి కత్తిరించిన ప్రతి ఫొటోలోనూ వస్తువు ఫ్రేమ్ నిండా ఉంటుంది. దాంతో రెండంగుళాల భరిణ, ఆరంగుళాల భరిణ ఒకే సైజులా కనిపిస్తాయి. "ఇంత చిన్నదా?" అని వెనక్కి పంపేది ఇక్కడే. అందుకే రెండో ఫొటోలో దాన్ని అరచేతిలో పెట్టి చూపించండి, పక్కన స్కేలు పెట్టిన ఫొటో ఇంకొకటి. జతగా అమ్మేవాటిని మాత్రం స్టాండ్ కదపకుండా, కత్తిరించే కొలత మార్చకుండా తీయాలి, అప్పుడే చిన్నాపెద్దా తేడా తెలుస్తుంది.

తీసే ముందు లెన్స్, బొమ్మ రెండూ మెత్తటి బట్టతో తుడవండి. లక్క మీద వేలిముద్రలు మామూలుగా కంటికి ఆనవు, ఫొటోలో మాత్రం బాగా తెలుస్తాయి. ఫొటోలు లాప్‌టాప్‌కు వాట్సాప్‌లో పంపుకుంటే Document గా పంపండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, అప్‌లోడ్ చేశాక కొనేవాళ్లు జూమ్ చేసినప్పుడు ఆ వలయాలు మసకబారతాయి.