‘ఫోన్‌పే కొట్టు’ నిఘంటువులోకి ఎక్కుతుందా?

సందేహం: అక్కా, మా హాస్టల్ ముందు చాయ్ బండాయన మేం ఏ యాప్‌తో డబ్బులు కట్టినా “ఫోన్‌పే కొట్టు” అనే అంటాడు. ఇది తెలుగు మాటేనా? నీ నిఘంటువులో పెడతావా? అసలు ఇలాంటి కొత్త మాటలు ఎలా పోగేస్తారు?

సమాధానం:

చెల్లీ,

నీ ఉత్తరంలో నాకు పనికొచ్చే మాట ఒకటుంది: “ఏ యాప్‌తో కట్టినా.” అది రాయకపోయి ఉంటే నీకు పెద్దగా జవాబు చెప్పగలిగేదాన్ని కాదు.

ఫోన్‌పే ఒక కంపెనీ పేరు. పేర్లను మామూలు నిఘంటువులో చేర్చం. కానీ వేరే యాప్‌లో కడుతూ కూడా జనం ఆ మాటే అంటున్నారంటే అది పేరుగా ఉండటం మానేసి మాటగా మారుతోందన్నమాట. జిరాక్స్ ఇలాగే వచ్చింది. ఏ కంపెనీ మిషన్ అయినా మనం జిరాక్సే తీయిస్తాం కదా. మెహదీపట్నం రైతుబజార్‌లో ఒకావిడ “క్యాషా, ఫోన్‌పేనా?” అని నన్నడిగింది. అక్కడ ఫోన్‌పే అంటే నోట్లు కానిదంతా. ఇంకోసారి బస్సులో ఒక కుర్రాడు “ఫోన్‌పేలు కొట్టీ కొట్టీ అకౌంట్ల ఏం మిగల్లే” అన్నాడు. బహువచనం చేరిందంటే మాట మన వ్యాకరణంలో కుదురుకున్నట్టే. అదే “ఫోన్‌పేలో పంపిన, గూగుల్‌పేలో కాదు” అన్నాడనుకో, అక్కడ అది ఇంకా పేరే. ఈ రెండు రకాల వాక్యాలనూ వేరువేరుగా దాచుకుంటాం.

దాచుకోవడమంటే చీటీ రాయడం. విన్న వాక్యం మొత్తం, తేదీ, చోటు, మాట్లాడినవాళ్ళ సుమారు వయసు, పని, ఏ ప్రాంతంవాళ్ళో తెలిస్తే అది, దానికి ముందు ఏం జరిగిందో ఒక ముక్క. వాళ్ళ పేరు రాయం. చీటీ వెంటనే రాయాలి. ఒకసారి కోఠిలో ఒకాయన అన్నదాన్ని రాత్రి ఇంటికొచ్చి రాశాను. పుస్తకాల తెలుగుకి అలవాటుపడ్డ నా చెయ్యి “ఫోన్‌పే కొట్టిన”ను “ఫోన్‌పే చేశాను” అని దిద్దేసింది! మర్నాడు చూసుకుంటే ఆయన ‘కొట్టిన’ అన్నాడని గుర్తుంది కానీ మిగతా వాక్యం గుర్తులేదు. ఆ చీటీ చించేశాను.

ఇంకో చిక్కు, అడగడం. 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన వ్యవసాయ పదాల కోశం కోసం ఊళ్ళు తిరిగి రైతులను అడిగి మాటలు సేకరించారు. నాగలి భాగాన్ని చూపించి దీన్నేమంటారంటే పేరు చెప్తారు. పనిముట్లకు ఆ పద్ధతి బాగుంటుంది. ఇలాంటి వాడుకకు అది పనికిరాదు. “మీరు ఫోన్‌పే కొట్టు అంటారా?” అని అడిగితే మర్యాదకి అవునంటారు, లేదా చదువుకున్న మనిషి అడుగుతోందని సర్దుకుని “చెల్లింపు చేయండి” అంటారు. అందుకే నేను “డబ్బులెట్ల ఇయ్యాలె?” అని ఊరుకుంటాను. మాట వాళ్ళ నోట్లోంచి రావాలి.

ఒకే హాస్టల్ నుంచి పది చీటీలు వచ్చినా నాకు ఒక్క సాక్ష్యం కిందే లెక్క. ఒకరి నోటి మాట ఇంకొకరికి అంటుకుంటుంది మరి. మలక్‌పేటలో ఆటో ఆయనా, మీ బండాయనా, వరంగల్ నుంచి వచ్చిన పెళ్ళి చుట్టమూ ఒకరికొకరు తెలియకుండా అంటేనే బలం.

ఇక అసలు సంగతి. నాకు ఈ మాటలో ‘ఫోన్‌పే’ కంటే ‘కొట్టు’ మీదే ఆసక్తి. ఫోన్ కొట్టు, మెసేజ్ కొట్టు, లైక్ కొట్టు, స్కాన్ కొట్టు. అంతకు ముందు టైపు కొట్టాం, టెలిగ్రాం కొట్టాం, హారన్ ఇప్పటికీ కొడుతున్నాం. టైపుకైతే మీటను నిజంగానే కొట్టాలి, ఇప్పుడు అద్దం మీద వేలు ఆనిస్తే చాలు. దెబ్బ పోయి, ‘వేలితో చటుక్కున పని జరిపించు’ అన్న అర్థం మిగిలింది. ‘డౌన్‌లోడ్ కొట్టు’ మాత్రం నా చెవిన పడలేదు, అది ‘చెయ్యి’తోనే వినిపిస్తోంది. సేపు పట్టే పని కాబట్టేమోనని నా అనుమానం. కాబట్టి ముందు ‘కొట్టు’ కింద కొత్త అర్థం ఒకటి చేరుస్తాను, ‘ఫోన్‌పే కొట్టు’ దానికి ఉదాహరణగా వస్తుంది. ‘ఫోన్‌పే’కి విడిగా ఆరోపం, అంటే నిఘంటువులో సొంత పద్దు, ఇవ్వాలా అన్నది ఇంకా తేల్చలేదు. యూపీఐ వచ్చిందే 2016లో కాబట్టి ఈ వాడుక అంతకంటే పాతది కాదని మాత్రం నిక్కచ్చిగా రాయొచ్చు. చాలా మాటలకు ఆ అదృష్టం ఉండదు.

నీ చీటీలో రెండు ఖాళీలున్నాయి. ఆయన నీతో అన్నది ‘కొట్టు’ అనా, ‘కొట్టుండ్రి’ అనా? పెద్దవాళ్ళు వచ్చినప్పుడు మాట మారుస్తాడా? రేపు చాయ్ తాగుతూ విని రాయి. ఆయన్ని మాత్రం అడగకు.

నీ అక్క