ఫార్వర్డింగ్ పెట్టాక సైకిళ్లు సరిపోయి, జవాబు తప్పు వస్తే ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: "ఐదు దశల రిస్క్-ఫైవ్ పైప్‌లైన్‌ను ల్యాబ్ కోసం వెరిలాగ్‌లో రాశాను. కింది నాలుగు ఇన్‌స్ట్రక్షన్లకు ఫార్వర్డింగ్ లేకుండా 14 సైకిళ్లు పడతాయని మేడమ్ బోర్డు మీద లెక్క వేశారు. నాకు 17 వస్తున్నాయి, జవాబు మాత్రం సరిగ్గానే ఉంది. ఫార్వర్డింగ్ పెడితే 9 సైకిళ్లే పడుతున్నాయి కానీ x8లో 5కు బదులు 25 కనిపిస్తోంది. మెమరీలో 20, x7లో 5 పెట్టాను, మిగతా రిజిస్టర్లన్నీ సున్నా. నా ఫార్వర్డింగ్ యూనిట్‌లో తప్పెక్కడుంది?"

```
lw   x5, 0(x10)
add  x6, x5, x7
sub  x8, x6, x5
sw   x8, 4(x10)
```

మీ ఫార్వర్డింగ్ యూనిట్‌ను ప్రస్తుతానికి కదపవద్దు. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ మూలం ఒక్కటే, అది రిజిస్టర్ ఫైల్‌లో ఉంది. ప్రాసెసర్ ల్యాబ్‌లో విద్యార్థుల డిజైన్లు సరిచూసే పని నేను కొంతకాలం చేశాను. లెక్క మూడు సైకిళ్లు ఎక్కువ రావడం, ఫార్వర్డింగ్ పెట్టగానే లెక్క కుదిరి విలువ చెడడం అనే ఈ జంటను చూసినప్పుడల్లా నేను మొదట తెరిచేది రిజిస్టర్ ఫైల్ మాడ్యూల్‌నే.

బోర్డు మీది 14 ఎలా వచ్చిందో ముందు చూద్దాం. స్టాల్ ఏదీ లేకపోతే నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు ఐదు దశల పైప్‌లైన్‌లో 4 + 4, అంటే 8 సైకిళ్లలో పూర్తవుతాయి. మొదటిది బయటికి రావడానికి ఐదు సైకిళ్లు, ఆ తరువాత ఒక్కొక్కదానికి ఒకటి చొప్పున. ఇక్కడ ప్రతి ఇన్‌స్ట్రక్షన్ తన ముందున్నదాని ఫలితం కోసం ఎదురుచూస్తుంది కాబట్టి అలాంటి ఆధారాలు మూడు ఉన్నాయి. lw 5వ సైకిల్‌లో రైట్‌బ్యాక్ చేస్తుంది, add 3వ సైకిల్‌లోనే డీకోడ్‌కు చేరుతుంది. సైకిల్ మొదటి సగంలో రాత, రెండో సగంలో చదువు జరుగుతాయని పాఠ్యపుస్తకాలు సాధారణంగా అనుకుంటాయి కాబట్టి add కూడా అదే 5వ సైకిల్‌లో x5ను చదవగలదు. అంటే 2 స్టాళ్లు. మూడు ఆధారాలకు 6 స్టాళ్లు, మొత్తం 14.

మీ డిజైన్‌లో ఆ "ఒకే సైకిల్‌లో రాత, చదువు" అన్నది లేదు. వెరిలాగ్‌లో మామూలుగా రాసే రిజిస్టర్ ఫైల్ క్లాక్ పోసెడ్జ్ దగ్గర విలువను నిల్వ చేస్తుంది, అంటే 5వ సైకిల్ ముగిసే అంచు దగ్గర. ఆ సైకిల్ పొడవునా చదివేవారికి పాత విలువే కనిపిస్తుంది. మీ హజార్డ్ యూనిట్ రైట్‌బ్యాక్ దశలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌ను కూడా పోల్చి చూస్తున్నట్టుంది. అందుకే ఒక్కో ఆధారానికి 2 బదులు 3 స్టాళ్లు పడి, 8 + 9 = 17 వచ్చాయి. నెమ్మదిగా నడిచినా ఆ డిజైన్ పొరపాటు చేయలేదు.

ఫార్వర్డింగ్ పెట్టినప్పుడు ఆ కాపలా తీసివేసి, లోడ్ తరువాతి స్టాల్ ఒక్కటే ఉంచి ఉంటారు. అప్పుడు జరిగేది ఇది:

```
       1  2  3  4  5  6  7  8  9
lw     IF ID EX M  WB
add       IF ID ID EX M  WB
sub          IF IF ID EX M  WB
sw                 IF ID EX M  WB
```

add 5వ సైకిల్‌లో ఎగ్జిక్యూట్‌కు వచ్చేసరికి లోడ్ చేసిన 20, మెమరీకీ రైట్‌బ్యాక్‌కూ మధ్య ఉన్న పైప్‌లైన్ రిజిస్టర్‌లో సిద్ధంగా ఉంటుంది. అక్కడి నుంచి ఫార్వర్డ్ అయి x6కు 25 వస్తుంది, ఇది సరైనదే. 6వ సైకిల్‌లో sub ఎగ్జిక్యూట్ అవుతున్నప్పుడు x6 కూడా ఫార్వర్డింగ్ ద్వారానే సరిగ్గా అందుతుంది. ఇక sub‌కు కావలసిన x5 సంగతి చూడండి. 6వ సైకిల్‌కు lw పైప్‌లైన్ దాటి వెళ్లిపోయింది, కాబట్టి ఫార్వర్డ్ చేయడానికి దాని విలువ ఏ పైప్‌లైన్ రిజిస్టర్‌లోనూ లేదు. sub దానిని 5వ సైకిల్‌లో, డీకోడ్ దశలో, రిజిస్టర్ ఫైల్ నుంచే తెచ్చుకోవాలి. సరిగ్గా అదే సైకిల్‌లో lw రైట్‌బ్యాక్ జరుగుతోంది. పాత సున్నా చేతికి వచ్చి, 25 - 0 = 25 అయింది.

lw బదులు అక్కడ మరో add ఉండి ఉంటే ఈ లోపం బయటపడేది కాదు. స్టాల్ ఉండదు కాబట్టి sub ఒక సైకిల్ ముందే ఎగ్జిక్యూట్‌కు చేరి, x5ను ఫార్వర్డింగ్ ద్వారానే అందుకునేది. లోడ్ వల్ల పడిన ఒక్క స్టాల్ వాటి మధ్య దూరాన్ని రెండు సైకిళ్ల నుంచి మూడుకు పెంచింది. ఫార్వర్డింగ్ తీగలు రెండు సైకిళ్ల దూరం వరకే అందుతాయి, మూడో సైకిల్ బాధ్యత రిజిస్టర్ ఫైల్‌దే. అరిథ్‌మెటిక్ ఇన్‌స్ట్రక్షన్లతో వరుసగా రాసిన చిన్న పరీక్షలన్నీ నెగ్గి, లోడ్ రాగానే డిజైన్ తప్పడానికి కారణం ఇదే.

నిర్ధారించుకోవాలంటే x5‌కు మొదట 99 ఇచ్చి మళ్లీ నడపండి. x8లో -74 వస్తే, అంటే 25 - 99, sub పాత x5నే చదివిందని తేలిపోతుంది. అదే x5లో అంతకుముందే 20 ఉండి ఉంటే జవాబు సరిగ్గా వచ్చేది, లోపం దాగిపోయేది. కాబట్టి పరీక్షల్లో రిజిస్టర్లకు ఒకదానితో ఒకటి కలవని ప్రారంభ విలువలు ఇవ్వడం మేలు.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. రాతను నెగెడ్జ్‌కు మార్చడం ఒకటి. సిమ్యులేషన్‌లో అది చక్కగా పని చేస్తుంది గానీ, ఎఫ్‌పీజీఏ బోర్డు మీదికి తీసుకువెళ్లినప్పుడు రైట్‌బ్యాక్‌కు సగం సైకిలే మిగులుతుంది, చదువుకు మిగతా సగం. దానితో క్లాక్ వేగం తగ్గించుకోవలసి రావచ్చు. అందుకే నేను రెండో దారినే ఇష్టపడతాను. రాస్తున్న రిజిస్టర్‌నే ఎవరైనా చదువుతుంటే, రాయబోయే విలువను నేరుగా చదివే పోర్ట్‌కు పంపాలి:

```verilog
assign rd1 = (we && wa != 0 && wa == ra1) ? wd : rf[ra1];
assign rd2 = (we && wa != 0 && wa == ra2) ? wd : rf[ra2];
```

`wa != 0` అన్న షరతును వదలకండి. అది లేకపోతే x0కు రాసే ఇన్‌స్ట్రక్షన్ ఒకటి రైట్‌బ్యాక్‌లో ఉన్నప్పుడు, x0ను చదివేవారికి సున్నా కాని విలువ అందుతుంది.

ఈ మార్పు చేయగానే ఫార్వర్డింగ్ ఉన్న డిజైన్ అవే 9 సైకిళ్లలో x8కు 5 ఇస్తుంది. ఫార్వర్డింగ్ లేని డిజైన్‌లో మాత్రం 17 తనంతట తాను 14 కాదు. హజార్డ్ యూనిట్ రైట్‌బ్యాక్ దశతో చేసే పోలికను కూడా తీసివేయాలి, లేదంటే విలువ అందుబాటులో ఉన్నా add అనవసరంగా మరో సైకిల్ ఆగుతుంది.

ఫార్వర్డింగ్ ఉన్న డిజైన్‌లో లోడ్ తరువాత మిగిలిన ఆ ఒక్క స్టాల్‌ను మాత్రం ఫార్వర్డింగ్‌తో తప్పించలేరు. lw విలువ మెమరీ నుంచి 4వ సైకిల్ చివరకు గానీ బయటికి రాదు, add మాత్రం స్టాల్ లేకపోతే అదే సైకిల్ మొదట్లో దానిని కోరుతుంది. దానిని నింపాలంటే lw‌కూ add‌కూ మధ్య వీటితో సంబంధం లేని ఇన్‌స్ట్రక్షన్ ఒకటి ఉండాలి. ఉదాహరణకు మీ ప్రోగ్రామ్ చివర `addi x11, x11, -1` ఉందనుకుంటే మొత్తం 5 + 4 + 1 = 10 సైకిళ్లు పడతాయి, దానినే lw వెంటనే పెడితే 9కి తగ్గుతాయి. అప్పుడు కూడా sub తన x5ను 5వ సైకిల్‌లో రిజిస్టర్ ఫైల్ నుంచే చదువుతుంది కాబట్టి, పైన చెప్పిన రెండు పంక్తులు లేకుండా ఈ క్రమం మార్పు చేస్తే సైకిళ్లు కుదిరి x8 మళ్లీ 25 అవుతుంది.