పదిహేను కాపీలు అడిగిన రాకుమారుడు

పర్లాకిమిడి,
ఆదివారం

చి. లావణ్యకు,

గుణుపురం నుంచి నువ్వు పంపిన నోట్స్ అందింది. ప్రేవిహార్ గుడి కోసం కంబోడియా, థాయ్‌లాండ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో తగాదా పడ్డ కేసు మీద తొమ్మిది పేజీలు రాశావు. అసలు తీర్పే ముప్పై పేజీలకు కాస్త అటూఇటూ ఉంటుంది. దాన్ని తొమ్మిదికి కుదిస్తే చిన్న తీర్పు అవుతుంది గానీ రివిజన్ నోట్స్ అవదమ్మా. పరీక్ష ముందు రాత్రి చదివేవాళ్ళకి ఇలాంటి కేసులు ముప్పై నలభై ఉంటాయి. ఒక్కోదానికి ఒక కార్డు, రెండు వైపులా. అంతకు మించి ఎవరూ తిప్పరు.

నీ మొదటి మూడు పేజీలూ గుడి కథే. ఎవరు కట్టారు, శిల్పం ఎలా ఉంటుంది, కొండ అంచున ఎంత ఎత్తులో ఉంది. బాగా రాశావు, చదువుతూ నేనూ ఎక్కేశాను ఆ మెట్లు. కానీ తీర్పు వీటి మీద నిలబడలేదు. ఏ వాస్తవం తీసేస్తే తీర్పు కూలిపోతుందో అదొక్కటే నోట్స్‌లో ఉండాలి. అది ముందే తెలియాలంటే తీర్పును వెనక నుంచి చదవాలి. చివర ‘ఈ కారణాల వల్ల కోర్టు’ అని మొదలయ్యే భాగం ఉంటుంది చూడు, ముందు అది చదువు. అక్కడ మూడు మాటలు ఉన్నాయి. గుడి ఉన్న నేల కంబోడియాది: 9 మంది అవును, 3 కాదు. థాయ్‌లాండ్ తన సైన్యాన్ని, పోలీసుల్ని, కాపలా వాళ్ళని వెనక్కి పిలవాలి: మళ్ళీ 9, 3. 1954లో ఆక్రమించినప్పటి నుంచి గుడిలోంచి తీసుకెళ్ళిన వస్తువులు ఏమైనా ఉంటే తిరిగి ఇవ్వాలి: ఇక్కడ 7, 5. నువ్వు మొత్తానికి కలిపి ‘9–3’ అని రాసేశావు. ఓట్లు ఏ అంశానికి ఆ అంశం విడిగా వేస్తారు కాబట్టి విడిగానే రాయి.

ఇప్పుడు ప్రశ్న. ‘గుడి ఎవరిది?’ అని రాశావు. అది రెండు దేశాల తగాదా. కోర్టు తనకు తాను వేసుకున్న ప్రశ్న వేరు. 1904లో ఫ్రాన్స్, అప్పట్లో సయాం అనే పేరున్న థాయ్‌లాండ్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. కంబోడియా అప్పుడు ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. సరిహద్దు జలవిభాజక రేఖ వెంట పోవాలన్నారు. మన మహేంద్రగిరి మీద పడ్డ వానలో కొంత మహేంద్రతనయలోకి దిగుతుంది, కొంత అవతలి వాగుల్లోకి పోతుంది. నీరు అలా విడిపోయే గీతే అది. సరిహద్దు గుర్తించడానికి రెండు వైపుల వాళ్ళతో ఒక కమిషన్ వేశారు. సయాం కోరిక మీదే ఫ్రెంచి అధికారులు మ్యాప్ గీశారు. ఆ మ్యాప్‌లో గుడి కంబోడియా వైపు పడింది. అసలు రేఖ కొండ అంచు వెంట పోతుంది, ఆ లెక్కన గుడి మాది అని థాయ్‌లాండ్ వాదన. కాబట్టి ప్రశ్న ఇది: ఒప్పందంలో రాసిన నీటి గీతా, మ్యాప్‌లో గీసిన గీతా?

అసలు సంగతి ఇక్కడ ఉంది. నీ తొమ్మిది పేజీల్లో దీనికి దక్కింది రెండు వాక్యాలు. ‘మ్యాప్ ఒప్పందంలో భాగం కాబట్టి కంబోడియా గెలిచింది’ అన్నావు. వెనకటికి నేనూ ఇలాగే రాసి ఒక బ్యాచ్ మొత్తానికి పంచాను. ఒక కుర్రాడు లేచి, ‘మాస్టారూ, మ్యాప్ అచ్చయ్యేసరికి సరిహద్దు కమిషనే లేదు కదా, మరి ఎవరు ఒప్పుకున్నారు దాన్ని?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి తీర్పు మళ్ళీ మొదటి నుంచి చదివాను.

కోర్టు కూడా సరిగ్గా అక్కడే మొదలుపెట్టింది. కమిషన్ ఆ మ్యాప్‌ను ఆమోదించలేదు కాబట్టి పుట్టినప్పుడు దానికి కట్టుబాటు లేదు అని ఒప్పేసుకుంది. అంటే ఇక్కడిదాకా థాయ్‌లాండ్ చెప్పిందే నిజం. ఆ తర్వాత ఏం జరిగింది అని అడిగింది. 1908లో మ్యాప్‌లు సయాంకు చేరాయి. హోం మంత్రిగా ఉన్న రాకుమారుడు దమ్రాంగ్ ఫ్రెంచి ప్రతినిధికి థాంక్స్ చెప్పి, రాష్ట్రాల గవర్నర్లకు ఇవ్వడానికి ఇంకో పదిహేను కాపీలు పంపమన్నాడు. తప్పుందని ఎవరూ అనలేదు. 1930లో అదే దమ్రాంగ్ గుడి చూడ్డానికి వెళ్తే, ఫ్రెంచి అధికారి ఫ్రెంచి జెండా ఎగరేసి అతిథికి చెప్పినట్టు స్వాగతం చెప్పాడు. అప్పుడూ అభ్యంతరం లేదు. 1934–35లో సయాం తానే సర్వే చేసి, మ్యాప్‌కీ నీటి గీతకీ తేడా ఉందని చూసింది. చూసి కూడా గుడిని కంబోడియాలో చూపే మ్యాప్‌లే వాడుతూ వచ్చింది.

మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. కోర్టు ఇక్కడ సగంతో ఆగలేదు, పూర్తి అంగీకారంగానే తీసుకుంది. మాట్లాడాల్సిన సమయంలో, తెలిసీ, ఏళ్ళ తరబడి మాట్లాడకపోవడం ఒప్పుకోవడమే. ఆ ఒప్పుకోలు వల్ల మ్యాప్ ఒప్పందపు సర్దుబాటులో చేరిపోయింది. పొరపాటు పడ్డాం అన్న వాదనా చెల్లలేదు, ఎందుకంటే చూసుకుని ఉంటే ఆ పొరపాటు తప్పేది. ‘కట్టుబాటు లేదు’ నుంచి ‘కట్టుబడాలి’ దాకా సాగిన ఈ నడకే నీ కార్డులో సగం ఆక్రమించాలి.

కోర్టు తేల్చని విషయం కూడా ఒక ముక్క రాయి. అసలు జలవిభాజక రేఖ గుడికి ఏ వైపున ఉంది? మ్యాప్ గీతే నిలబడ్డాక ఆ ప్రశ్న అవసరం లేదని వదిలేశారు. చాలా గైడ్లలో ‘రేఖ ప్రకారం గుడి కంబోడియాది’ అని ఉంటుంది. అది తప్పు.

ఇంకోటి, ‘ఎస్టాపెల్’ అని నువ్వు పెద్దక్షరాల్లో రాసిన మాట. థాయ్‌లాండ్ తన ప్రవర్తన వల్ల ఇప్పుడు కాదనడానికి వీల్లేదు అని కోర్టు అంది గానీ, ఆ సిద్ధాంతాన్ని విప్పి రాసింది ఉపాధ్యక్షుడు అల్ఫారో, తన విడి అభిప్రాయంలో. తీర్పు వెనక ఈ విడి అభిప్రాయాలు, విభేదించిన ముగ్గురివీ కలిపి, తీర్పు కంటే చాలా ఎక్కువ పేజీలున్నాయి. చదువుతున్నప్పుడు ఏది కోర్టు మాట, ఏది ఒక్క న్యాయమూర్తి మాట అన్నది జారిపోతుంది. నేనైతే పేజీ పైన పేరు చూసి, కోర్టు మాటలు నీలం సిరాతో, మిగతావి పెన్సిల్‌తో రాస్తాను. ఆ రోజుల్లో పేరాలకు నంబర్లు ఉండేవి కావు కాబట్టి పక్కన పేజీ నంబర్ వెయ్యి.

నా కార్డు ఇది:

ప్రేవిహార్ గుడి. కంబోడియా – థాయ్‌లాండ్. 15 జూన్ 1962.
ప్రశ్న: 1904 ఒప్పందంలోని నీటి గీతా, మ్యాప్ గీతా?
దారి: మ్యాప్‌కు మొదట కట్టుబాటు లేదు → 1908లో అందింది, 15 కాపీలు అడిగారు → 1930 జెండా, మౌనం → 1934–35 సర్వే, తేడా తెలిసీ మౌనం → ప్రవర్తనతో అంగీకారం → మ్యాప్ గీతే సరిహద్దు. పొరపాటు వాదన చెల్లదు.
తేల్చనిది: అసలు నీటి గీత ఎక్కడుందో.
ఓట్లు: నేల 9–3, బలగాలు 9–3, వస్తువులు 7–5.
విడిగా: అల్ఫారో, ఎస్టాపెల్.

వారం తర్వాత తీర్పు ముట్టుకోకుండా, ఈ కార్డు ఒక్కటే చూసి మీ తమ్ముడికి కేసు చెప్పు. ‘మరి మ్యాప్‌ను ఎవరు ఒప్పుకున్నారు?’ అని వాడు అడిగిన చోట తడబడితే, ఏ బాణం దగ్గర ఆగిపోయావో అక్కడే ఒక మాట తక్కువైందన్నమాట.

2013 నవంబర్‌లో ఇదే తీర్పుకు అర్థం చెబుతూ కోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది, గుడి చుట్టూ ఉన్న కొండకొమ్ము సంగతి. దాన్ని ఈ కార్డులో ఇరికించకు. వేరే కార్డు రాసి, రెండూ గుచ్చి, వచ్చే వారం గుణుపురం ప్యాసింజర్‌లో ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపు.

మీ
మాస్టారు