చెయ్యి ఎత్తితే కుర్తీ పైకి లేస్తోంది: రాగ్లాన్ వేయాలా, కిమోనోనా, మామూలు సెట్‌ఇన్ చెయ్యేనా?

ప్రశ్న: ఛాతీ 36, పొడవు 40, చెయ్యి 10 అంగుళాలు. ప్రొద్దుటూరులో 44 పన్నా కాటన్ రెండుంబావు మీటర్లు తీసుకున్నాను. సెట్‌ఇన్ చెయ్యి వేస్తే, చెయ్యి ఎత్తినప్పుడల్లా కుర్తీ అంతా పైకి లేస్తోంది. చంక ఇంకాస్త దించి కోసినా తగ్గలేదు. రాగ్లాన్ గానీ కిమోనో గానీ వేస్తే తగ్గుతుందా? గుడ్డ చాలుతుందా?

జవాబు:

చంక దించడం వల్లే అది ఎక్కువైందక్కా. చెయ్యి పైకి లేపినప్పుడు నడుము నుంచి చంక మీదుగా మోచేతి దాకా ఒంటి పొడవు సాగుతుంది. చంక దించితే పక్క కుట్టు పొట్టిదవుతుంది. కావలసిన పొడవు అక్కడ దొరకక కుర్తీ కింది అంచునే పైకి లాక్కుంటుంది. వేసుకుని అద్దం ముందు నిలబడి, చంక కుట్టు అసలు చంకకు ఎంత కిందుందో వేలితో చూడండి. అంగుళం ఉంటే చాలు. రెండున్నర అంగుళాలు ఉంటే మాత్రం ఏ రకం చెయ్యి వేసినా లాగుతుంది, రాగ్లాన్ అయినా సరే.

రెండోది చెయ్యి టోపీ ఎత్తు, అంటే చంక గీత నుంచి భుజం కొన దాకా ఉండే వంపు. మీ కొలతకు చంక చుట్టు 17 అనుకుందాం. టోపీ 5 అంగుళాలు పెడితే చెయ్యి వెడల్పు సుమారు 13¾ వస్తుంది, చంక నుంచి చేతి అంచు దాకా 5 అంగుళాలే మిగులుతుంది. అదే టోపీని 4కి తగ్గించి, వంపు పొడవు మారకుండా గీస్తే వెడల్పు 15 అవుతుంది, చంక కింది పొడవు 6 అవుతుంది. ఆ ఒక్క అంగుళంతోనే చెయ్యి తేలిగ్గా లేస్తుంది. బదులుగా చెయ్యి దించినప్పుడు చంక దగ్గర రెండు మడతలు కనిపిస్తాయి. పనిలో వేసుకునే కుర్తీకి అది తప్పేం కాదు. పెళ్ళికి వేసుకునేదైతే టోపీ 5 ఉంచండి, నిలబడ్డప్పుడు చక్కగా జారుతుంది.

రాగ్లాన్‌లో భుజం కుట్టు ఉండదు, మెడ నుంచి చంకకు ఏటవాలు కుట్టు వస్తుంది. భుజం కొలత అరంగుళం అటూఇటూ అయినా తెలియదు, వాలు భుజాలకు బాగా కుదురుతుంది. ఎత్తైన, ఎముక తేలిన భుజాలకు మాత్రం ఒకే ముక్కగా కోస్తే కొన దగ్గర బిగిసి అడ్డగీతలు పడతాయి. అలాంటప్పుడు చెయ్యి పైభాగంలో మెడ వైపు నుంచి డార్ట్ వేయాలి. ఆ ఏటవాలు కుట్టు క్రాస్ మీద పడుతుంది కాబట్టి కుట్టేటప్పుడు సాగుతుంది. ఆర్మ్‌హోల్‌కు వేసే సన్నని టేపు గానీ, గుడ్డ అంచు నుంచి తీసిన పీలిక గానీ కలిపి కుట్టండి. లేకపోతే నాలుగు ఉతుకులకు మెడ జారుతుంది. గళ్ళ గుడ్డకు నేను రాగ్లాన్ చెప్పను, గళ్ళు ఆ కుట్టు దగ్గర కలవవు.

కిమోనో ఒంటితో కలిపే కోస్తాం, కుట్టడం అన్నిటికన్నా తేలిక. అయితే వదులుగా ఉంటేనే హాయి. కాస్త ఒంటికి పట్టేలా కోస్తే లాగేది ఇదే ఎక్కువ, చిరిగేదీ చంకలోనే. దానికి మందు చంకలో డైమండ్ ముక్క: పక్క 4 అంగుళాలు, క్రాస్ మీద కోసినది. ఒంటి గుడ్డను చంక నుంచి లోపలికి మూడున్నర అంగుళాలు చీల్చి దాన్ని అతకాలి. చీలిక కొన దగ్గర మార్జిన్ సున్నా అవుతుంది, కనుక చీల్చడానికి ముందే అక్కడ పల్చని గుడ్డ ముక్క వేసి చిన్న కుట్టుతో వి ఆకారంలో కుట్టేయండి. అది మానేస్తే మొదటి ఎండాకాలం చెమటకే పిగులుతుంది.

ఇక గుడ్డ. ముందు తడిపి ఆరేయండి, ముడుచుకునేది అప్పుడే ముడుచుకుంటుంది. ముందూ వెనకా ఒకదాని కింద ఒకటి కోస్తే 84 అంగుళాలు పోతుంది. కింది ఘేరా మడతలో 12 దాటకపోతే పక్కన 20 అంగుళాల పట్టీ మిగులుతుంది. సెట్‌ఇన్ చేతులు రెండూ అందులోనే వస్తాయి, ఆపైన మీటరున్నర పట్టీ ఉంటుంది. రాగ్లాన్ చెయ్యి మెడదాకా వెళ్తుంది కాబట్టి ఒక్కోటి 17½ పొడవు తింటుంది, అయినా మీటరుకు పైనే మిగులుతుంది. కిమోనోకు మధ్య మడత నుంచి భుజం 7, చెయ్యి 10, మడుపు 1½ కలిపి 18½ కావాలి. పన్నాలో సగం 22 కనుక సరిపోతుంది, కానీ రెండు పక్కలా 10 అంగుళాల పీలికలే మిగులుతాయి. నిండు చేతులైతే అతుకు లేకుండా 44 పన్నాలో రానే రాదు.

మీకైతే నా మాట: చంక తిరిగి పైకి తెచ్చి, టోపీ 4 పెట్టిన సెట్‌ఇన్. పాత దుప్పటి గుడ్డ మీద ఒక్క చెయ్యి, సగం ఒళ్ళు కోసి కచ్చా కుట్టి, చెయ్యి ఎత్తి చూశాకే కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టండి.