ఎర్రపెన్ను ఎవరి పక్షం?

అందరికీ ఒకే రూల్‌తో మార్కులు వేసే బడి తటస్థం కాదని ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో లాంటివాళ్లు ఎందుకంటారు?

ఎందుకంటే తప్పొప్పులు తేల్చే కొలతే అధికారంలోంచి పుడుతుంది, తిరిగి దానికే బలమిస్తుంది. హనుమకొండలో ఒక పిల్ల ‘ఈ తొవ్వల పోతే చెరువొస్తది’ అని రాసిందనుకోండి. సారు ‘తొవ్వల’ కింద ఎర్రగీత గీసి, ‘దారిలో’ అని దిద్ది, మార్కు తగ్గిస్తారు. ఆయనకు పిల్ల మీద కోపమేమీ లేదు. కానీ ప్రామాణిక తెలుగు ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల మాట మీద నిలబడింది. కొన్నేళ్లకు ఆ మార్కులే ‘భాషలో వీక్’ అనే రికార్డవుతాయి, పిల్ల కూడా అదే నమ్ముతుంది. పరీక్ష మనిషిని కొలుస్తూనే రికార్డుల్లో పెట్టి చూసే ఒక ‘కేసు’గా తయారుచేస్తుందని ఫూకో 1975లో రాసింది ఇలాంటి దాని గురించే.

దీన్ని చాలామంది ‘నిజమంటూ ఏదీ లేదు’ అనో, పైవాళ్ల కుట్ర అనో అనుకుంటారు. రెండూ కావు. ఎర్రపెన్ను పట్టిన సారూ ఒకప్పుడు అదే కొలతతో పాసైనవాడే.